అప్లికేషన్ లెటర్‌లో "పనిచేస్తూ" అని మొదలెట్టి దారి తప్పే వాక్యాలు: సమస్య - పరిష్కారం

తెలుగులో ఉద్యోగానికి లెటర్ రాసేవాళ్ళకి ఎక్కువగా వచ్చే ఇబ్బంది ఇది, స్పెల్లింగ్ తప్పులుండవు, మాటలన్నీ బాగానే ఉంటాయి, కానీ చదివేవాళ్ళకి ఎవరు ఏం చేశారో సరిగ్గా అర్థం కాదు. ఈ పేరా చూడండి, స్టోర్ సూపర్‌వైజర్ పోస్టుకి రాసిందనుకుందాం:

"మూడేళ్ళుగా స్టోర్‌లో పనిచేస్తూ, స్టాక్ లెక్కల్లో తేడాలు బాగా తగ్గాయి. కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకుని, ఆలస్యంగా వచ్చిన కస్టమర్ల ఆర్డర్లు అదే రోజు పంపించబడ్డాయి. రెండేళ్ళుగా మీ సంస్థ విడుదల చేస్తున్న రిపోర్టులు చదువుతున్నాను."

పైపైన చదివితే బాగానే ఉన్నట్టు ఉంటుంది. కానీ ప్రతి వాక్యంలోనూ ఏదో ఒక ముక్క తనకి సంబంధం లేనిదాన్ని పట్టుకుని వేలాడుతోంది.

సమస్య 1: మొదటి సగంలో మనిషి ఉన్నాడు, రెండో సగంలో మాయమయ్యాడు

ఎలా కనిపెట్టాలంటే, వాక్యం చివరి క్రియ దగ్గరికి ముందు వెళ్ళండి. "తగ్గాయి". ఏవి తగ్గాయి? తేడాలు. ఇప్పుడు వెనక్కి వచ్చి "పనిచేస్తూ" ఉన్నది ఎవరు అని అడగండి. నేను. రెండు ప్రశ్నలకీ రెండు వేరే జవాబులు వచ్చాయంటే అక్కడే తేడా కొట్టింది, ఎందుకంటే ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు తీసుకుంటే స్టోర్‌లో మూడేళ్ళు పనిచేసింది తేడాలే.

కారణం మన వ్యాకరణంలోనే ఉంది. చేస్తూ, చేసి లాంటివి అసమాపక క్రియలు, వాటంతట అవి వాక్యాన్ని ముగించలేవు, ఎవరు చేశారో కూడా చెప్పలేవు. ఆ సమాచారం కోసం చివరి క్రియ మీద ఆధారపడతాయి. చివర "తగ్గించాను" అని ఉంటే ఆ "ను" చూసి "ఓహో, పనిచేసింది కూడా ఈయనే" అని తెలిసిపోతుంది, "నేను" అని రాయకపోయినా సరే. చివర "తగ్గాయి" అని ఉంటే ఆ దారి మూసుకుపోయింది. లెటర్లలో ఇది ఎక్కువ ఎందుకు జరుగుతుందంటే, "నేను నేను" అని రాస్తే గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుందని మొహమాటం, దాంతో మనకి తెలీకుండానే తగ్గాయి, పెరిగింది, పూర్తయింది, చేయబడింది లాంటి క్రియల వైపు జారిపోతాం.

చాలామంది చేసే రిపేరు ఏంటంటే ముందు "నేను" తగిలించడం. "నేను మూడేళ్ళుగా స్టోర్‌లో పనిచేస్తూ, తేడాలు తగ్గాయి." ఇది పనిచెయ్యదు, చివర క్రియ మారలేదు కాబట్టి తప్పు అలాగే ఉంది, పైగా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

సరైన రిపేర్లు రెండున్నాయి. ఒకటి, చివరి క్రియని మీ చేతిలోకి తెచ్చుకోవడం: "మూడేళ్ళు స్టోర్‌లో పనిచేస్తూ, స్టాక్ లెక్కల్లో తేడాల్ని బాగా తగ్గించాను." తగ్గు అన్నది తగ్గించు అయింది, పెరుగు పెంచు అవుతుంది, పూర్తవు పూర్తి చెయ్యి అవుతుంది. రెండోది, చివరి క్రియని వదిలేసి ముందు ముక్కని మార్చడం: "నేను స్టోర్‌లో పనిచేసిన మూడేళ్ళలో స్టాక్ లెక్కల్లో తేడాలు బాగా తగ్గాయి." పనిచేసినప్పుడు, చేరాక, చెయ్యడం వల్ల లాంటి రూపాలు తమ కర్తని తామే మోస్తాయి, చివర వేరే కర్త ఉన్నా గొడవ లేదు.

ఈ రెండిట్లో ఏది వాడాలన్నది గ్రామర్ చెప్పదు, నిజంగా ఏం జరిగిందో అది చెప్తుంది. మీరే పద్ధతి మార్చి తగ్గించి ఉంటే మొదటిది రాయండి, టీమ్ అంతా చేసిన పనైతే రెండోదే కరెక్ట్, ఎందుకంటే "తగ్గించాను" అని రాశాక ఇంటర్వ్యూలో "ఎలా తగ్గించారు?" అని తప్పకుండా అడుగుతారు, అప్పుడు చెప్పడానికి మీ దగ్గర జవాబుండాలి.

రెండో వాక్యానికీ ఇదే జబ్బు. సాఫ్ట్‌వేర్ నేర్చుకుంది ఎవరు? ఆ వాక్యం ప్రకారం ఆర్డర్లు. "పంపించబడ్డాయి" తీసేసి "పంపించాను" పెడితే చాలు. నా మటుకు నేను లెటర్‌లో "బడు" క్రియ కనిపించిన ప్రతిచోటా ఆగి చూడమంటాను, దాని ముందు ఒక "చేసి"యో "నేర్చుకుని"యో వేలాడుతూ ఉండే ఛాన్స్ చాలా ఎక్కువ.

అయితే రెండు జవాబులు వచ్చిన ప్రతి వాక్యమూ తప్పు కాదు. "మీ ప్రకటన చూసి నాకు ఆసక్తి కలిగింది" అన్నదాంట్లో కలిగింది ఆసక్తే, కానీ అది కలిగిన మనిషి "నాకు" రూపంలో అక్కడే ఉన్నాడు, చూసింది కూడా ఆయనే, కాబట్టి ఎవరికీ ఇబ్బంది అనిపించదు. "వాన పడి రోడ్డు పాడైంది" కూడా అంతే, ఒకటి జరగడం వల్ల రెండోది జరిగిందని చెప్పేటప్పుడు తెలుగు దీన్ని ఒప్పుకుంటుంది. కానీ "డిగ్రీ పూర్తి చేసి, నా మొదటి ఉద్యోగం ప్యాకింగ్ యూనిట్‌లో" అంటే ఒప్పుకోదు, డిగ్రీ చేసింది ఉద్యోగం కాదు కదా. "డిగ్రీ పూర్తి చేసి ప్యాకింగ్ యూనిట్‌లో చేరాను" అనండి.

సమస్య 2: ఆలస్యంగా వచ్చింది కస్టమర్లా, ఆర్డర్లా?

"ఆలస్యంగా వచ్చిన కస్టమర్ల ఆర్డర్లు". ఇక్కడ కర్త తప్పిపోలేదు, విశేషణం తప్పు చోట కూర్చుంది. తెలుగులో "వచ్చిన", "చూసే" లాంటి మాటలు తమ తర్వాత వచ్చే నామవాచకానికి అతుక్కుంటాయి, అక్కడ వరసగా రెండు నామవాచకాలుంటే ముందు దగ్గరున్నదాన్నే పట్టుకుంటాయి. "బిల్లులు చూసే మేనేజర్ గారి అసిస్టెంట్‌గా పనిచేశాను" అంటే బిల్లులు చూసింది మేనేజర్ అని అర్థమవుతుంది, మీరు చేసిన పని క్రెడిట్ ఆయన ఖాతాలోకి పోయింది.

విశేషణాన్ని తీసుకెళ్ళి అసలు మాట పక్కనే పెట్టండి: "కస్టమర్ల నుంచి ఆలస్యంగా వచ్చిన ఆర్డర్లు", "మేనేజర్ గారి దగ్గర బిల్లులు చూసే అసిస్టెంట్‌గా". మధ్యలో ఉన్న "ల", "గారి" లాంటి షష్ఠిని "నుంచి", "దగ్గర"గా మార్చగానే దారి క్లియర్ అవుతుంది. కామా పెడితే సరిపోతుందనుకోకండి, స్పీడుగా చదివేవాళ్ళ కంటికి కామా ఆనదు.

సమస్య 3: రెండేళ్ళుగా ఏం జరుగుతోంది?

మూడో వాక్యంలో రెండేళ్ళుగా రిపోర్టులు వస్తున్నాయా, మీరు రెండేళ్ళుగా చదువుతున్నారా? కాలం చెప్పే మాటని వాక్యం మొదట్లో పడేస్తే ముందు ఎదురైన క్రియ దాన్ని లాగేసుకుంటుంది. మీ క్రియకి దగ్గరగా జరపండి: "మీ సంస్థ విడుదల చేస్తున్న రిపోర్టులు రెండేళ్ళుగా చదువుతున్నాను." "మాత్రమే"కి రూల్ ఇంకా సింపుల్, అది తన ముందున్న మాటకే తగులుతుంది. "నెలాఖరు లెక్కలు నేను మాత్రమే చూశాను" అంటే బాధ్యత, "నెలాఖరు లెక్కలు మాత్రమే చూశాను" అంటే ఇంకేం చూడలేదని ఒప్పుకోవడం.

ఇప్పుడు మొత్తం పేరా, పనంతా మీరే చేశారన్న లెక్కలో:

"మూడేళ్ళు స్టోర్‌లో పనిచేస్తూ, స్టాక్ లెక్కల్లో తేడాల్ని బాగా తగ్గించాను. కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకుని, కస్టమర్ల నుంచి ఆలస్యంగా వచ్చిన ఆర్డర్లను కూడా అదే రోజు పంపించాను. మీ సంస్థ విడుదల చేస్తున్న రిపోర్టులు రెండేళ్ళుగా చదువుతున్నాను."

ఇందులో "నేను" ఒక్కసారి కూడా లేదు, అయినా ప్రతి పనీ ఎవరిదో తెలుస్తోంది. మీరు ఇంకా ఆ స్టోర్‌లోనే ఉంటే మాత్రం మొదటి వాక్యాన్ని విడగొట్టండి, "మూడేళ్ళుగా స్టోర్‌లో పనిచేస్తున్నాను. ఈ కాలంలో తేడాల్ని బాగా తగ్గించాను" అని, లేకపోతే ఆ ఉద్యోగం మానేశారనుకుంటారు.