58 స్లయిడ్ల పీపీటీలో ఏవి వదిలేయొచ్చు? సారాంశం రాసేముందు తేల్చుకోవడం ఎలా?

షేర్ మార్కెట్లో లిస్టయిన పెద్ద కంపెనీలు చాలావరకు మూడు నెలలకోసారి ఫలితాలతో పాటు ఇన్వెస్టర్ల కోసం ఒక పీపీటీ కూడా విడుదల చేస్తాయి. అవి చదివి ఒక్క పేజీలో సారాంశం రాసి మా సార్ టేబుల్ మీద పెట్టడం చాలాకాలంగా నా పని. కొత్తలో ఒక మందుల కంపెనీ పీపీటీ వచ్చింది. మొత్తం 58 స్లయిడ్లు. మధ్యలో ఫ్యాక్టరీ ఫొటోలు వరసగా మూడు ఉన్నాయి. తెల్ల కోట్లు, మెరిసే స్టీలు ట్యాంకులు, గేటు ముందు పచ్చిక. ‘ఫొటోలే కదా’ అని మూడూ దాటేశాను. సాయంత్రం సార్ పిలిచి, "24వ స్లయిడ్ చూశావా?" అన్నారు. చూశాను. ఫొటో కింద, కళ్లు చిట్లించుకుంటే తప్ప కనపడనంత చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంది: ఆ యూనిట్‌లో అమెరికా ఎఫ్‌డీఏ తనిఖీ ముగిసింది, ఫారం 483 కింద 4 అబ్జర్వేషన్లు వచ్చాయి.

ఎఫ్‌డీఏ అంటే అమెరికాలో మందుల అనుమతులు, తనిఖీలు చూసే ప్రభుత్వ సంస్థ. ఫారం 483 అంటే తనిఖీకి వచ్చినవాళ్లు వెళ్లేముందు ‘మా కంటికి కనపడిన లోపాలు ఇవి’ అని రాసిచ్చే కాగితం. అదే తుది తీర్పు కాదు. కంపెనీలు మామూలుగా 15 పనిదినాల్లోగా జవాబిస్తాయి, ఆ తర్వాత ఎఫ్‌డీఏ ఒక నిర్ణయానికి వస్తుంది. అది వ్యతిరేకంగా వస్తే ఆ యూనిట్ నుంచి వెళ్లాల్సిన కొత్త మందుల అనుమతులు ఆగిపోవచ్చు. అమెరికా అమ్మకాల మీద బతికే కంపెనీకి ఆ పీపీటీ మొత్తంలో అంతకు మించిన వార్త లేదు. దాన్ని ఫొటో కింద పెట్టారు, నేను ఫొటోతో పాటే పారేశాను.

అప్పటినుంచి ఏ స్లయిడ్ వదలాలో తేల్చడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఆ 58 స్లయిడ్ల మీదే అది ఎలా నడుస్తుందో చెప్తాను.

ముందు ప్రశ్న రాసుకోండి

ఫైలు తెరవకముందే, ఈ సారాంశం ఎవరి కోసం, వాళ్లు ఏం తేల్చుకోవాలి అన్నది ఒక లైను రాసి పెట్టుకోండి. నాది ఇలా ఉంది: ‘గత మూడు నెలల్లో ఈ కంపెనీలో ఏం మారింది, వచ్చే ఆరు నెలల మీద దాని ప్రభావం ఏంటి?’ ఇది లేకుండా మొదలుపెడితే ప్రతి స్లయిడూ ముఖ్యమైనదిగానే కనిపిస్తుంది. ఆ కంపెనీలో ఉద్యోగానికి వెళ్లబోయే కుర్రాడికి అవార్డుల స్లయిడ్ పనికొస్తుందేమో, నాకు పనికిరాదు. నింపుడు సరుకు అనేది స్లయిడ్‌లో ఉండే గుణం కాదు, మీ ప్రశ్నను బట్టి తేలేది.

అన్నీ ఒకేసారి పరిచి చూడండి

పవర్‌పాయింట్ ఫైలే చేతిలో ఉంటే `View` లోకి వెళ్లి `Slide Sorter` నొక్కండి. స్లయిడ్లన్నీ చీట్లపేకలా పరుచుకుంటాయి. దాచిపెట్టిన స్లయిడ్లు మసకగా, అంకె మీద అడ్డగీతతో కనిపిస్తాయి. పీడీఎఫ్ అయితే పేజీల బొమ్మలు పక్కన వరసగా వచ్చేలా పెట్టుకోండి. కానీ పీడీఎఫ్‌లో దాచిన స్లయిడ్లు, ప్రెజెంటర్ రాసుకున్న నోట్స్ సాధారణంగా ఉండవని గుర్తుంచుకోండి.

ఇక్కడ చాలామంది `Outline View` తెరిచి, అందులో వచ్చిన మాటల్ని బట్టి తేల్చేస్తారు. అది మోసం చేస్తుంది. లేఅవుట్‌తో పాటు వచ్చే శీర్షిక, బుల్లెట్ల పెట్టెల్లోని మాటలే అందులో వస్తాయి. విడిగా గీసిన టెక్స్ట్ బాక్సు, చార్టు, బొమ్మలోని అక్షరాలు రావు. ఫుట్‌నోట్లూ, ఫొటో కింద లైన్లూ ఎక్కువగా ఆ విడి బాక్సుల్లోనే ఉంటాయి. నా 24వ స్లయిడ్ అందులో చూస్తే ‘మా తయారీ సామర్థ్యం’ అన్న శీర్షిక తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

మొదటి వడపోత: వేగంగా, పెన్సిల్‌తో

ఒక్కో స్లయిడ్‌కి మూడు నాలుగు సెకన్లు చాలు. అడగాల్సింది ఒక్కటే: ఈ స్లయిడ్ తీసేస్తే నా సారాంశంలో ఒక్క వాక్యమైనా మారుతుందా? మారదనిపిస్తే నంబరు పక్కన పెన్సిల్‌తో చిన్న గీత పెట్టండి. పెన్సిలే, పెన్ను వద్దు.

58లో నా గీతలు 18 స్లయిడ్ల మీద పడ్డాయి. కవర్, దాని వెనకే వచ్చే సేఫ్ హార్బర్ హెచ్చరిక, విషయసూచిక, ఛైర్మన్ గారి ఫొటోతో ఒక సూక్తి, యూనిట్లు ఎక్కడెక్కడున్నాయో చూపే మ్యాపు. ఇవి 1 నుంచి 5. అవార్డులు 8, 9. అదే విషయసూచిక, ఒక్కో లైనుకు రంగు మార్చుకుంటూ 10, 22, 35, 46లో మళ్లీ వచ్చింది. ఫొటోలు 23, 24, 25. ఇక 36 నుంచి 39 దాకా ఉన్నవి నిజానికి ఒకే స్లయిడ్: తెర మీద ఒక్కో గడి వచ్చి చేరేలా చేసినదాన్ని పీడీఎఫ్‌లో నాలుగు పేజీలు చేశారు. ఇలాంటి వరసలో చివరిదే పూర్తి స్లయిడ్ కాబట్టి 39 ఉంచి ముందు మూడూ తీసేశాను. (ఒక్కోసారి చివరి మెట్టులో పాత గడి మాయమై కొత్తది వస్తుంది. అందుకే చివరిదానిలో ముందువన్నీ ఉన్నాయో లేదో ఓసారి చూసుకోవాలి.) 52 ధన్యవాదాలు.

ధన్యవాదాల దగ్గర ఆగిపోకండి. దాని తర్వాత 53 నుంచి 58 వరకు అనుబంధం ఉంది. అప్పుల వివరం, లాభంలోంచి ఏ ఖర్చులు పక్కనపెట్టి లెక్క చూపారో చెప్పే పట్టిక అక్కడే ఉన్నాయి. సభలో చూపించడానికి ఇష్టపడనివి, అలాగని దాచడానికీ వీల్లేనివి వెనక చేరతాయి. నేనైతే ఇప్పుడు అనుబంధమే ముందు చదువుతాను.

రెండో వడపోత: గీత పడినవాటి అంచులు చూడండి

పది నిమిషాల పని ఇది, నా 24వ స్లయిడ్ ఇక్కడే దొరికేది. గీత పెట్టిన ఒక్కోదాన్నీ పెద్దది చేసి అట్టడుగు భాగం చూడండి. ఫుట్‌నోట్, తేదీ, నక్షత్రం గుర్తు, ఫొటో కింద లైను, అంతే. మధ్యలో ఉన్న బొమ్మను మళ్లీ చూడక్కర్లేదు. నోట్స్ ఉన్న ఫైలైతే అవి కూడా. బొమ్మ ఒక్కటే ఉన్న స్లయిడ్‌కి అడుగున ఆరు లైన్ల నోట్స్ ఉన్నాయంటే, చెప్పేవాడు అక్కడ నోటితో చాలా చెప్పాడన్నమాట.

సేఫ్ హార్బర్ హెచ్చరిక పూర్తిగా చదవక్కర్లేదు. భవిష్యత్తు గురించి మేం చెప్పేవి నిజం కాకపోవచ్చు అనే మాటలే దాదాపు అన్ని కంపెనీలవీ. అందులో అంకెలు ఆడిట్ అయినవా కావా అన్న మాట ఉందేమో మాత్రం వెతికి, దొరికితే ఒక మూల రాసుకుని స్లయిడ్ వదిలేయండి.

ఉంచిన స్లయిడ్లకీ ఈ అంచుల పరీక్ష పెట్టాలి, అయితే వేరే కారణంతో. ఒక స్లయిడ్ ‘అమెరికా అమ్మకాలు 12% పెరిగాయి’ అంటుంది. కింద నక్షత్రం గుర్తు దగ్గర ‘రూపాయల్లో’ అని ఉంటుంది. రూపాయి బలహీనపడిన మూడు నెలలైతే ఆ పెరుగుదలలో కొంత డాలరు పుణ్యమే. ‘పాత అంకెలను పోలికకు వీలుగా సర్దాము’ అన్న లైను కనిపిస్తే, పోయినసారి పీపీటీలోని అంకెతో ఈసారి అంకె నేరుగా పోల్చకూడదు.

మూడోది: పోయినసారి పీపీటీ పక్కన పెట్టండి

ఇది చాలామంది చేయరు. నన్నడిగితే అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. చూడ్డానికి బరువుగా, అంకెలతో, బాణాలతో నిండి ఉండి కూడా నింపుడు సరుకే అయిన స్లయిడ్లు ఉంటాయి. ప్రపంచ మందుల మార్కెట్ ఎంత పెద్దది, మా వ్యూహానికి నాలుగు స్తంభాలు, మా ప్రయాణం లాంటివి. వాటిని ఒంటరిగా చూసి పట్టుకోలేం. లిస్టయిన కంపెనీలు ఇవి ఎక్స్ఛేంజీలకు పంపుతాయి కాబట్టి పాతవి బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్లలో దొరుకుతాయి. మీ ఆఫీసు నెలవారీ రివ్యూ అయితే పోయిన నెల మెయిల్లో ఉంటుంది.

రెండూ పక్కపక్కన తెరిచి చూస్తే 6, 7, 11, 12, 13, 47, 48 పోయినసారివే, అక్షరం మారలేదు. కంపెనీని మొదటిసారి చూసేవాళ్లకు అవి కావాలి. ‘ఏం మారింది’ అన్న నా ప్రశ్నకు వాటిలో జవాబు లేదు. ఏడూ తీసేశాను.

ఇదే పోలిక, పారేసిన స్లయిడ్ ఒకదాన్ని వెనక్కి తెచ్చింది. 5వ స్లయిడ్ మ్యాపు పోయినసారీ ఉంది, అవే రంగులు, అదే శీర్షిక. కానీ అప్పుడు అయిదు చుక్కలు, ఇప్పుడు నాలుగు. ఒక యూనిట్ మాయమైంది. పీపీటీలో ఎక్కడా దాని ఊసు లేదు. అమ్మేశారో మూశారో మ్యాపు చెప్పదు. అందుకని సారాంశంలో ‘అయిదో యూనిట్ ఈసారి మ్యాపులో లేదు, కారణం చెప్పలేదు’ అని మాత్రమే రాయాలి. కారణం మనం ఊహించి రాస్తే అది సారాంశం కాదు.

వదిలినవాటి జాబితా రాసి పెట్టండి

చివరికి లెక్క ఇలా తేలింది. మొదట గీత పడినవి 18, అందులో 5, 24 వెనక్కి వచ్చాయి, పాతవే అని తేలినవి 7 చేరాయి. మొత్తం వదిలినవి 23, చదవాల్సినవి 35. ఎక్కువ పీపీటీల్లో సగానికి పైగా పోతాయనుకుంటారు గానీ ఫలితాల పీపీటీలో అంత పోదు. ట్రైనింగ్ పీపీటీలో, అమ్మకాల కోసం చేసిన పీపీటీలో పోతుంది. మీ లెక్కలో మరీ ఎక్కువ పోతున్నాయంటే రాసుకున్న ప్రశ్న మరీ ఇరుకైందేమో చూడండి. దాదాపు ఏవీ పోవడం లేదంటే ప్రశ్న సరిగా రాసుకోలేదన్నమాట.

సారాంశం అడుగున నేను చిన్నగా ఒక లైను రాస్తాను: ‘చేర్చనివి: 1–4, 6–13, 22, 23, 25, 35–38, 46–48, 52.’ చదివేవాళ్లకు ఏదైనా అనుమానం వస్తే 58 తిరగేయకుండా నేరుగా ఆ నంబర్ల దగ్గరికే వెళ్తారు. మా సార్ ఇప్పటికీ ఆ లైనే ముందు చూస్తారు. చూసి, అందులోంచి ఒక నంబరు ఎంచుకుని, "దీని కింద ఏముంది?" అని అడుగుతారు.