ఆరోగ్య సభ్యత్వాన్ని రద్దు చేసే ముందు: మిగిలిన కన్సల్టేషన్ల లెక్క చేతిలో లేకుండా బటన్ నొక్కవద్దు

గత నెలలో మా పిన్ని ఒక ఆన్‌లైన్ డాక్టర్ కన్సల్టేషన్ సభ్యత్వాన్ని ఐదో నెలలోనే రద్దు చేసుకున్నారు. పన్నెండు కన్సల్టేషన్లు, రెండు పూర్తి హెల్త్ చెకప్‌లు కలిపి ఏడాదికి 4,800 రూపాయలు కట్టారు. వాటిలో ఆమె వాడుకున్నవి మూడు కన్సల్టేషన్లు, ఒక చెకప్. యాప్‌లో రద్దు బటన్ నొక్కగానే, ఎన్ని వాడారో ఎన్ని మిగిలాయో చూపించే పేజీ మొత్తం మాయమైంది. రెండు రోజుల తరువాత సంస్థ నుంచి వచ్చిన మెయిల్‌లో, తిరిగి ఇవ్వవలసిన సొమ్ము ఏమీ లేదని ఉంది.

ఆ సున్నా ఎలా వచ్చిందో తెలుసుకోవాలి, ఎందుకంటే ఇలాంటి చోట్ల చాలామంది నష్టపోయేది ఈ లెక్కలోనే. సంస్థ ఒక్కో కన్సల్టేషన్‌కు విడి ధర 599 రూపాయలు, చెకప్‌కు 2,499 రూపాయలు వేసింది. పిన్ని వాడినవి మూడే అయినా నాలుగు అని చూపింది. నాలుగు కన్సల్టేషన్లకు 2,396, చెకప్‌తో కలిపి 4,895; అంటే కట్టిన 4,800 కంటే ఎక్కువే వాడుకున్నారన్నమాట. ఆ నాలుగోది డాక్టర్ లైన్‌లోకి రాని అపాయింట్‌మెంట్. డాక్టర్ అందుబాటులో లేరని ఆ రోజు వచ్చిన ఎస్సెమ్మెస్ అదృష్టవశాత్తు ఫోన్‌లో ఇంకా ఉంది. దాన్ని పంపిన తరువాత నాలుగోదాన్ని తీసేసి, 504 రూపాయలు ఇచ్చారు.

అసలు నష్టం ఇంకా పెద్దది. సభ్యత్వాన్ని ఎవరూ విడి ధరకు కొనరు. పన్నెండు కన్సల్టేషన్లు, రెండు చెకప్‌లు విడిగా కొంటే 12,186 రూపాయలయ్యేవి; పిన్ని వాడినవాటి విడి ధర 4,296, అంటే మొత్తంలో సుమారు 35.25 శాతం. కట్టిన 4,800లో 35.25 శాతం పోతే 3,108 రూపాయల దాకా వెనక్కి రావాలి. కొన్న రోజు చూసిన షరతుల పేజీలో వాడుకున్న నిష్పత్తిని బట్టే సొమ్ము తిరిగి ఇస్తామని ఉన్నట్టు ఆమెకు గుర్తు. కానీ ఆ పేజీని దాచుకోలేదు, ఇప్పుడు సైట్‌లో ఉన్న పేజీలో ఆ మాట లేదు. 504కీ 3,108కీ మధ్య తేడా 2,604 రూపాయలు. ఆ సొమ్ము రాలేదు.

అందుచేత ఒకే మాటను మళ్లీ మళ్లీ చెబుతున్నాను: ముందు లెక్క, తరువాత లిఖితపూర్వక అభ్యర్థన, ఆ తరువాతే రద్దు. ఈ వరుస తప్పితే మీ దగ్గర మిగిలేది మీ మాట ఒక్కటే, అవతలివారి దగ్గర ఉండేది వారి రికార్డు.

లెక్క అంటే ఏమిటో విడమరచి చెబుతాను. సభ్యత్వం ప్రారంభ తేదీ, ముగింపు తేదీ, మిగిలిన కన్సల్టేషన్లు, మిగిలిన చెకప్‌లు కనిపించే పేజీని తేదీ, సమయం తెలిసేలా స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. చెల్లింపు రసీదును, ఆ రోజు అమలులో ఉన్న షరతులను పీడీఎఫ్‌గా దాచుకోవాలి. జరిగిన ప్రతి కన్సల్టేషన్‌కు ప్రిస్క్రిప్షన్ డౌన్‌లోడ్ చేసుకోవాలి. టెలిమెడిసిన్‌పై 2020లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం ప్రిస్క్రిప్షన్ మీద డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. కాబట్టి సంస్థ వాడుకున్నట్టు చూపే కన్సల్టేషన్‌కు ప్రిస్క్రిప్షన్ గానీ, కాల్ వివరం గానీ లేకపోతే, అది ఎప్పుడు ఏ డాక్టర్‌తో జరిగిందని అడగండి. కుటుంబ సభ్యుల రక్తపరీక్షల రిపోర్టులు కూడా అదే ఖాతాలో ఉంటాయి, వాటినీ ముందే దించుకోండి. ఖాతా మూసేశాక వాటిని తిరిగి రాబట్టడం సొమ్ము రాబట్టడం కంటే కష్టం కావచ్చు.

అభ్యర్థనను ఫోన్‌లో కాక మెయిల్‌లో పంపాలి. నాలుగు వాక్యాలు చాలు: ఫలానా తేదీన ఇంత చెల్లించి సభ్యత్వం తీసుకున్నాను, ఇన్ని వాడాను, ఇన్ని మిగిలాయి, స్క్రీన్‌షాట్ జతచేశాను, మిగిలినవాటికి నిష్పత్తి ప్రకారం సొమ్ము ఇవ్వాలని కోరుతున్నాను, మీరు వేసిన లెక్కను తేదీల వారీగా పంపండి. సంస్థ సైట్‌లో ఫిర్యాదుల అధికారి పేరు, సంప్రదింపు వివరాలు ఉండాలి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆ అధికారి 48 గంటలలో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. అందుకే మెయిల్‌ను కస్టమర్ కేర్‌తో పాటు ఆ అధికారికి కూడా పంపండి.

ఆటోపేను ఆపడం వేరు, సభ్యత్వాన్ని రద్దు చేయడం వేరు. యూపీఐ యాప్‌లో మాండేట్‌ను, అంటే ఆటోపేకు ఇచ్చిన అనుమతిని, రద్దు చేస్తే తరువాతి చెల్లింపు ఆగుతుంది, కానీ మిగిలిన కన్సల్టేషన్ల సొమ్ము దానంతట అది రాదు. మెయిల్ పంపిన తరువాత మాండేట్‌ను తీసేయండి. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం సొమ్ము కోతకు కనీసం 24 గంటల ముందు తెలియజేయాలి కాబట్టి, ఆ సందేశాన్ని చూసీ చూడనట్టు వదిలేయకండి.

సభ్యత్వాన్ని కంతుల మీద తీసుకున్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. అక్కడ అప్పు ఇచ్చింది వేరొక ఫైనాన్స్ సంస్థ. సభ్యత్వం రద్దయినా అప్పు నడుస్తూనే ఉంటుంది, కోపంతో కంతు ఆపితే దెబ్బతినేది మీ క్రెడిట్ స్కోరు. అప్పు మూసేసినట్టు లేఖ చేతికి వచ్చేవరకు కంతు కట్టండి.

ఇది ఆరోగ్య బీమా కాదు. నచ్చకపోతే బీమా పాలసీని వెనక్కి ఇచ్చేయడానికి ఉండే 30 రోజుల ఫ్రీ లుక్ గడువు సభ్యత్వానికి వర్తిస్తుందనుకుని ఆగవద్దు.

సొమ్ముకు బదులుగా పాయింట్లు లేదా వాలెట్ క్రెడిట్ ఇస్తామంటే వెంటనే ఒప్పుకోవద్దు. ఒప్పుకున్నారంటే వ్యవహారం ముగిసినట్టు రాసుకుంటారు. గడువు పొడిగిస్తామంటే కొత్త తేదీని మెయిల్‌లో రాసి ఇవ్వమనండి. సమస్య పరిష్కారమైందని యాప్‌లో నొక్కమంటే, సొమ్ము ఖాతాలో పడకముందు నొక్కవద్దు. కస్టమర్ కేర్ నంబర్‌ను ఇంటర్నెట్‌లో వెతకవద్దు, రసీదులో ఉన్నదానికే ఫోన్ చేయండి. సొమ్ము పొందడానికి యూపీఐ పిన్ అవసరం లేదు; ఎవరడిగినా కొట్టవద్దు. స్క్రీన్ షేర్ చేయవద్దు. మోసపోతే ఆలస్యం లేకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. యాప్ తీసేయవద్దు. ఎస్సెమ్మెస్‌లు చెరపవద్దు.

నెల గడిచినా సమాధానం లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, లేదా consumerhelpline.gov.in లో ఫిర్యాదు నమోదు చేయండి. అక్కడా తేలకపోతే మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో e-jagriti.gov.in ద్వారా కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలలోపు ఉంటే రుసుము లేదు, గడువు వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లు. కానీ అక్కడ కూడా మొదట అడిగేది మిగిలిన కన్సల్టేషన్ల లెక్కకు ఆధారమే. ఈ రాత్రి రద్దు బటన్ నొక్కాలని అనుకుంటున్నవారు ముందు ఆ పేజీ తెరిచి స్క్రీన్‌షాట్ తీసుకోండి.