గీజర్ పక్కన నల్లబడిన విటమిన్ సి సీరమ్

స్నానాల గదిలో గీజర్ కింది అరలో పెట్టిన విటమిన్ సి సీరమ్ ఎండాకాలంలో త్వరగా పాడవుతుంది. వేడి, వెలుతురు, మూత తీసినప్పుడల్లా లోపలికి చేరే గాలి కలిసి అందులోని విటమిన్ సిని, అంటే ఆస్కార్బిక్ ఆమ్లాన్ని విరగ్గొడతాయి. తెల్ల పింగాణీ పళ్లెంలో రెండు చుక్కలు వేసి చూడండి. లేత గడ్డిరంగు ఫర్వాలేదు, ముదురు నారింజో టీ డికాక్షన్ రంగో ఉంటే పారేయాల్సిందే. ఫ్రిజ్‌లో పెట్టినా అది మళ్లీ బాగుపడదు.

కొత్త సీసా తెరిచిన రోజే తేదీ రాసి అంటించి, అట్టపెట్టెతో సహా ఫ్రిజ్ మధ్య అరలో ఉంచండి. తలుపు అరలో వద్దు, తెరిచిన ప్రతిసారీ వేడిగాలి తగులుతుంది. డ్రాపర్ చర్మానికి తాకనివ్వకండి. సీసా మీద తెరిచిన డబ్బా బొమ్మలో 6M అని ఉంటే తెరిచాక ఆరు నెలలని అర్థం. కానీ ఈ సీరమ్ విషయంలో మూడు నెలల్లో ముగించడమే మంచిది, అందుకే చిన్న సీసా కొనాలి.