ఇంటి సరుకు ఆన్‌లైన్ అమ్మకం, 4వ పాఠం: తిరిగొచ్చిన పార్శిలు ఖర్చు ఎవరిది?

ఒకే సరుకును పలువురు అమ్మకందారులు ఉండే మార్కెట్‌ప్లేస్‌లో అమ్మితే ఎక్కువ మిగులుతుందా, సొంత వెబ్‌సైట్‌లో అమ్మితేనా అని మూడవ పాఠం చివర ఇచ్చిన లెక్కకు వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ఒకే చోట ఆగిపోయాయి. మార్కెట్‌ప్లేస్‌లో కమీషన్ పోతుంది, సొంత వెబ్‌సైట్‌లో పోదు, కనుక వెబ్‌సైటే మేలని తేల్చారు. కూడికలు, తీసివేతలు సరిగానే ఉన్నాయి. కానీ వెబ్‌సైట్ వైపు రాయవలసిన రెండు ఖర్చులు కాగితం మీదికి రాలేదు. కొనేవారిని వెబ్‌సైట్ దాకా తెచ్చే ప్రకటన ఖర్చు ఒకటి, తీసుకోకుండా వెనక్కి పంపిన పార్శిలు ఖర్చు రెండవది. అందువల్ల కొత్త అంశాన్ని పక్కన పెట్టి, ఈ పాఠమంతా ఆ లెక్కకే కేటాయిస్తున్నాను.

ఉదాహరణ పాతదే. కరివేపాకు, కంది, నువ్వుల పొడులు మూడూ కలిపిన పెట్టె ధర, జీఎస్టీతో కలిపి, 450 రూపాయలు. సరుకుకు, సీసాలకు, పెట్టెకు కలిపి 170 రూపాయలు అవుతుంది. అమ్మేవారికి మామూలు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంది. కింది రుసుములన్నీ లెక్క కోసం వేసుకున్నవే. మీరు మీ మార్కెట్‌ప్లేస్, మీ కొరియర్ ప్రస్తుతం ఇస్తున్న రేట్లను పెట్టుకోవాలి.

మార్కెట్‌ప్లేస్‌లో కమీషన్ 45, ప్రతి ఆర్డరుకూ ఉండే స్థిర రుసుము 20, రవాణా 75, మొత్తం 140 రూపాయలు. దానిపై 18 శాతం జీఎస్టీ 25 రూపాయలు. అవి పోగా ఖాతాలో 285 పడతాయి. 450లో మీరు కట్టవలసిన 5 శాతం పన్ను 21 రూపాయలు. రుసుములపై కట్టిన 25 రూపాయలు, మీరు కట్టవలసిన పన్నులో సర్దుకొనే క్రెడిట్‌గా ఉన్నాయి కనుక దానికి చేతినుంచి డబ్బు తీయనక్కరలేదు. సరుకు ఖర్చు 170 తీసేస్తే 115 మిగులుతుంది. మార్కెట్‌ప్లేస్ మీ అమ్మకం సొమ్ములోంచి అర శాతం చొప్పున ముందే పట్టుకొనే టీసీఎస్ అనే పన్నును చాలామంది ఖర్చులో రాశారు. అది మీ జీఎస్టీ ఖాతాలో జమ అయ్యే సొమ్ము కాబట్టి దాన్ని కొట్టివేయండి.

ఇప్పుడు వెబ్‌సైట్. ఇక్కడ ఒక ఆర్డరును తీసుకొని లెక్క వేయకూడదు. వచ్చిన ఆర్డరుకు, చేరిన పార్శిలుకు మధ్య ఉన్న తేడా ఒక్క ఆర్డరులో కనిపించదు. కనీసం ఇరవై ఆర్డర్లు కలిపి చూడాలి. ఇరవైలో ఎనిమిది ముందే డబ్బు కట్టినవి, పన్నెండు క్యాష్ ఆన్ డెలివరీ అనుకుందాం. ఆ పన్నెండులో మూడు వెనక్కి వచ్చాయి. డబ్బు చేతికి వచ్చేది పదిహేడు పార్శిళ్లకే, అంటే 7,650 రూపాయలు.

ఖర్చు మాత్రం ఇరవైకీ పడుతుంది. సరుకు 3,400. మూడు పెట్టెలు తిరిగొచ్చాయి కదా, వాటిని మళ్లీ అమ్మవచ్చు కదా అని కొందరు అడిగారు. ఎండలో, గోదాముల్లో వారాల తరబడి తిరిగి వచ్చిన తినే వస్తువును ఇంకొకరి ఇంటికి పంపడానికి నేను ఒప్పుకోను, అందుకే దాన్ని నష్టంగానే రాస్తాను. పంపిన కొరియర్ ఒక్కొక్కటి 90 చొప్పున 1,800. వెనక్కి తెచ్చినందుకు 80 చొప్పున 240. డబ్బు వసూలు చేసి ఇచ్చినందుకు, చేరిన తొమ్మిదింటికి 40 చొప్పున 360. ముందే కట్టిన ఎనిమిదింటికి పేమెంట్ గేట్‌వే రెండు శాతం, దానిపై పన్నుతో సుమారు 11 చొప్పున 88. ప్రకటనలకు ఆర్డరుకు 70 చొప్పున 1,400. మొత్తం 7,288. పన్ను ఇక్కడ కూడా క్రెడిట్‌తో సర్దుకుంటుంది. మిగిలింది 362 రూపాయలు, చేరిన ఒక్కో పార్శిలుకు 21. వెబ్‌సైట్‌కు నెలనెలా కట్టే అద్దె ఇందులో ఇంకా కలవలేదు.

అవే ఇరవై ఆర్డర్లు, అవే మూడు తిరుగు పార్శిళ్లు మార్కెట్‌ప్లేస్‌లో అయితే, పదిహేడుకు 115 చొప్పున 1,955లో పాడైన సరుకు 510 పోగా 1,445 మిగులుతుంది. ఇది కొనేవారు తీసుకోని పార్శిలుకు రవాణా రుసుము మీపై వేయని చోట మాత్రమే నిజం. రుసుముల పట్టికలో మొదట చదవవలసిన వరుస అదే, కమీషన్ వరుస తర్వాత.

వెనక్కి వచ్చే పార్శిలు గురించి మరికొంత చెప్పక తప్పదు, ఎందుకంటే దాన్ని దురదృష్టంగా చూసి వదిలేస్తున్నారు. అది ప్రతి క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డరుపైనా పడే ఖర్చు. ఒక తిరుగు పార్శిలుకు పోయేది 90, 80, 170 కలిపి 340 రూపాయలు, మూడింటికి 1,020. దాన్ని పన్నెండుకు పంచితే 85 వస్తుంది. వసూలు రుసుము 360ని కూడా పన్నెండుకు పంచగా వచ్చే 30 కలిపితే 115. ముందే డబ్బు కట్టిన ఆర్డరుపై అదే స్థానంలో ఉన్నది 11 రూపాయలు. అందుకే ముందే కట్టేవారికి 40 రూపాయలు తగ్గించడం ఉదారత కాదు, లాభమైన బేరం. అయితే ఎలాగూ ముందే కట్టే ఎనిమిదిమందికీ ఆ తగ్గింపు వెళ్తుందని గుర్తుంచుకొని లెక్క వేయాలి. నా పద్ధతి ఇంకా కఠినమైనది: కొత్తవారి ఆర్డరైతే రవాణా ఖర్చు మేరకు ముందుగా కట్టించుకొని, ఫోనులో చిరునామా, పిన్‌కోడ్ సరిచూసుకున్న తర్వాతే పెట్టె కట్టాలి. ఆర్డర్లు కొన్ని తగ్గుతాయి. తగ్గేవాటిలో చాలావరకు తిరిగి రావలసినవే.

ఇదంతా చదివి వెబ్‌సైట్ వద్దని అనుకోకండి. ఒకసారి కొన్నవారే ప్రకటన అవసరం లేకుండా వచ్చి, ముందే డబ్బు కడితే, 450లో 170, 90, 11 పోగా 179 మిగులుతుంది. మార్కెట్‌ప్లేస్‌లో పదోసారి కొన్నా 115 దాటదు. కనుక మొదటి కొనుగోలు మార్కెట్‌ప్లేస్‌లో, మళ్లీ కొనేది వెబ్‌సైట్‌లో జరిగితే మేలు. మార్కెట్‌ప్లేస్ పెట్టెలో వెబ్‌సైట్ కూపన్ కాగితం పెట్టి ఈ పని చేయాలని చూడకండి. పెద్ద మార్కెట్‌ప్లేస్‌ల నిబంధనలు దాన్ని అనుమతించవు, ఖాతా ఆగిపోయే ప్రమాదం ఉంది. సీసా మీది లేబులుపై తయారీదారు పేరు, చిరునామా, వినియోగదారులు సంప్రదించే ఫోను, ఈమెయిలు ఉండాలని చట్టమే అడుగుతుంది. ఆ లేబులుపైనే సరుకుకు మరెవరికీ లేని పేరు పెట్టి, అదే పేరుతో వెబ్‌సైట్ తీసుకుంటే, రుచి నచ్చినవారు ఆ పేరునే వెతుక్కుంటూ వస్తారు. ‘అమ్మ చేతి పొడులు’ వంటి పేరుతో వెతికితే మీరు కనిపించరు.

జీఎస్టీ విషయంలో ఒక్క దిద్దుబాటు. సొంత వెబ్‌సైట్ అయితే రిజిస్ట్రేషన్ అక్కరలేదని రాసినవారు ఉన్నారు. సరుకు అమ్మకానికి ఆ మినహాయింపు ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల రూపాయల వరకు, తెలంగాణలో 20 లక్షల వరకు ఉంటుంది, అదీ సొంత రాష్ట్రంలో అమ్మితేనే. విజయవాడ నుంచి హైదరాబాదుకు పొడి ఒక్క పెట్టె పంపినా అది అంతర్రాష్ట్ర అమ్మకమే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 2023 అక్టోబరు 1 నుంచి మార్కెట్‌ప్లేస్‌లో కూడా, రిజిస్ట్రేషన్ లేనివారు జీఎస్టీ పోర్టల్‌లో నమోదు సంఖ్య తీసుకొని సొంత రాష్ట్రంలో అమ్మవచ్చు. కాబట్టి ఈ ఒక్క కారణంతో వెబ్‌సైట్ వైపు మొగ్గనక్కరలేదు.

అభ్యాసం: వరుసగా వచ్చిన మీ ఇరవై ఆర్డర్లు తీసుకోండి, బాగా జరిగినవాటిని ఏరుకోకండి. ప్రతిదానికీ కొరియర్ బిల్లులో వేసిన బరువును మీరు తూచిన బరువుతో పోల్చండి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే చాలా కొరియర్లు చూసే ఘనపరిమాణ బరువు కిలోల్లో వస్తుంది. 25, 20, 12 సెంటీమీటర్ల పెట్టెలో 750 గ్రాములే ఉన్నా బిల్లు 1.2 కిలోలకు పడుతుంది. ఆ తర్వాత మొత్తం ఖర్చును, చేరిన పార్శిళ్ల సంఖ్యతో మాత్రమే భాగించి పంపండి.