ఖాతాలో పడింది 2 లక్షలు, తిరిగి కట్టమన్నది 3 లక్షలు: జాయినింగ్ బోనస్ రికవరీ చిక్కులు, పరిష్కారాలు

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ నుంచి హైదరాబాద్ కంపెనీల్లో చేరే పిల్లలు ఆఫర్ లెటర్‌లో ముందు చూసేది సీటీసీ, ఆ తర్వాత జాయినింగ్ బోనస్. గడువు లోపు వెళ్లిపోతే బోనస్ తిరిగి కట్టాలని ఆ బోనస్ కింద ఉండే నాలుగు లైన్ల క్లాజ్ మాత్రం రాజీనామా పెట్టిన రోజుకు గానీ చదవరు. నేను పేరోల్ పనిలో ఉన్నాను కాబట్టి ఆ సమయానికి వచ్చే ఫోన్లు నాకు బాగా తెలుసు. ఎక్కువగా వచ్చే సమస్యలు ఇక్కడ రాస్తున్నాను. అన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకుంటాను, నయీంనగర్ అబ్బాయి ఒకరిది.

ఆ అబ్బాయి 2024 నవంబర్ 4న చేరాడు. జాయినింగ్ బోనస్ 3,00,000. చేరిన వెంటనే ఇవ్వలేదు, 2025 జనవరి 31న జీతంతో కలిపి వేశారు. 2025 నవంబర్ 10న రాజీనామా పెట్టాడు, నోటీస్ 60 రోజులు, అంటే చివరి పని దినం 2026 జనవరి 9.

సమస్య 1: "ఏడాది అయిపోయింది కదా, ఇంకా రికవరీ ఏంది?"

నవంబర్ 4తో ఏడాది నిండింది, అందుకే వారం ఆగి మరీ రాజీనామా పెట్టాడు. రెండు రోజుల్లో హెచ్ఆర్ నుంచి మెయిల్: 3 లక్షలు ఫుల్ అండ్ ఫైనల్‌లో, అంటే వెళ్లేటప్పుడు చేసే చివరి లెక్కలో కోస్తాం, తక్కువ పడింది మీరు కట్టాలి.

కారణం క్లాజ్‌లో ఉన్న ఒక్క మాట. అక్కడ రాసింది చేరిన తేదీ నుంచి 12 నెలలు అని కాదు, బోనస్ చెల్లించిన తేదీ నుంచి 12 నెలలు అని. చెల్లించింది జనవరి 31న, కాబట్టి గడువు 2026 జనవరి 30 దాకా ఉంది. జనవరి 9న వెళ్లిపోతే 21 రోజులు తక్కువ.

ఆ 21 రోజులకు మొత్తం 3 లక్షలు ఎందుకంటే, క్లాజ్‌లో ప్రో రేటా, అంటే పూర్తి చేసిన నెలలను తగ్గించి మిగిలిన నెలలకే వసూలు, అన్న మాట లేదు. ప్రో రేటా ఉండి ఉంటే, నిండని నెల ఒక్కటే కాబట్టి 3 లక్షల్లో పన్నెండో వంతు, 25,000తో పోయేది. ప్రో రేటా అని రాయకపోతే పదకొండున్నర నెలలు చేసినా, రెండు నెలలు చేసినా లెక్క ఒకటే.

ఇట్లాంటప్పుడు చేయాల్సిన మొదటి పని గొడవ పెట్టుకోవడం కాదు, ఆఫర్ లెటర్ పీడీఎఫ్ తెరిచి మూడు విషయాలు వెతకడం. గడువు ఎప్పటి నుంచి మొదలవుతుంది? మీరు ఎప్పటికి వెళ్లినట్టు లెక్క, రాజీనామా ఇచ్చిన రోజుకా, చివరి పని దినానికా? మొత్తం కట్టాలా, మిగిలిన నెలలకే కట్టాలా? ఈ మూడింట్లో రెండోదే చాలామందిని ముంచుతుంది. కొన్ని లెటర్లలో గడువు లోపల నోటీస్ ఇచ్చినా చాలు రికవరీ వర్తిస్తుందని ఉంటుంది. అట్లా ఉంటే నోటీస్ పీరియడ్ ఎంత పొడిగించుకున్నా లాభం లేదు.

ఈ అబ్బాయి లెటర్‌లో చివరి పని దినమే లెక్క. అందుకని మేనేజర్‌తో మాట్లాడి, హ్యాండోవర్ ఇంకా కాలేదు కాబట్టి చివరి పని దినాన్ని ఫిబ్రవరి 2కు మార్చమని మెయిల్ పెట్టాడు, కొత్త కంపెనీని చేరే తేదీ మూడు వారాలు జరపమని అడిగాడు. రెండూ ఒప్పుకున్నారు, హెచ్ఆర్ పోర్టల్‌లో తేదీ మారింది, రికవరీ పోయింది. పోర్టల్‌లో తేదీ మారడం ముఖ్యం, మేనేజర్ నోటిమాటగా సరే అన్నది ఫుల్ అండ్ ఫైనల్ చేసేవాళ్లకు కనిపించదు.

ఒక ప్రమాదం ఉంది. చాలా లెటర్లలో కంపెనీ మిమ్మల్ని నోటీస్ పూర్తి కాకముందే రిలీవ్ చేయవచ్చు అని కూడా రాసి ఉంటుంది. గడువు చివర్లో లెక్క చూసుకుని రాజీనామా పెట్టినవాళ్లను వాళ్లు ముందే పంపించేస్తే ఆ లెక్క తప్పుతుంది. అందుకని వీలైతే గడువు దాటాకే రాజీనామా పెట్టండి.

సమస్య 2: చేతికి వచ్చిందానికంటే ఎక్కువ కట్టమంటున్నారు

నాకు అన్నిటికంటే బాధగా అనిపించేది ఇది, ఎందుకంటే చదువుకున్న పిల్లలు కూడా ఇది ముందు ఊహించరు. తేదీ మార్చుకోకుండా ఆ అబ్బాయి జనవరి 9నే వెళ్లిపోయాడనుకుందాం, అప్పుడు ఏం జరిగేదో చూడండి.

జాయినింగ్ బోనస్ జీతం కిందే లెక్క, దాని మీద టీడీఎస్ పడుతుంది. బోనస్ వచ్చిన ఆ ఆర్థిక సంవత్సరంలో అంతకుముందు కంపెనీ జీతం, ఈ కంపెనీ జీతం కలిపితే బోనస్ లేకుండానే అతను 30 శాతం స్లాబ్‌లో ఉన్నాడు, సెస్‌తో కలిపి 31.2 శాతం. 3,00,000లో 93,600 టీడీఎస్ కింద పోయింది, ఖాతాలో పడింది 2,06,400. క్లాజ్‌లో మాత్రం గ్రాస్ మొత్తం తిరిగి ఇవ్వాలని ఉంది. అంటే తను చూడని 93,600 కూడా తన జేబులోంచే కట్టాలి.

అదే ఆర్థిక సంవత్సరంలో, అంటే మార్చి 31 లోపు, వెళ్లిపోయి కట్టేసి ఉంటే ఇంత నష్టం ఉండదు. పేరోల్ వాళ్లు ఆ ఏడాది జీతంలోంచి బోనస్‌ను తీసేస్తారు, ఫారం 16లో ఆదాయం తగ్గి కనిపిస్తుంది, ఎక్కువ కోసిన టీడీఎస్ మిగిలిన జీతంలో సర్దుబాటు అవుతుంది, లేదా రిటర్న్ వేసినప్పుడు రిఫండ్‌గా వస్తుంది. కానీ బోనస్ వచ్చింది 2024-25లో, తిరిగి కట్టేది 2025-26లో. పాత ఏడాది ఫారం 16 ఎప్పుడో ఇచ్చేశారు, ఆ పన్ను ప్రభుత్వానికి చేరిపోయింది. ఆ ఏడాది రిటర్న్‌ను సవరించే గడువు కూడా 2025 డిసెంబర్ 31తో ముగిసింది. కంపెనీ తలచుకున్నా ఆ 93,600ను వెనక్కి తేలేదు.

తిరిగి కట్టిన బోనస్‌ను కొత్త ఏడాది జీతంలోంచి తగ్గించి చూపించుకోవచ్చా అని అడుగుతారు. జీతం ఆదాయంలో దీనికోసం ప్రత్యేకమైన డిడక్షన్ ఏదీ లేదు. నోటీస్ పే రికవరీ విషయంలో ఆదాయపన్ను ట్రిబ్యునల్ ఉద్యోగి వైపు తీర్పులిచ్చిన సందర్భాలున్నాయి, ఆ వాదనతో ప్రయత్నించవచ్చు, కానీ ఫారం 16తో సరిపోలని రిటర్న్‌కు నోటీస్ వచ్చే అవకాశం ఉంది కాబట్టి సీఏతో మాట్లాడకుండా మీ అంతట మీరు వేయకండి.

అసలు పరిష్కారం సంతకానికి ముందే ఉంది. ఆఫర్ చేతికి వచ్చి, సరే అని చెప్పకముందు రిక్రూటర్‌కు ఒక మెయిల్ పెట్టండి: రికవరీ పన్ను పోను చేతికి వచ్చిన మొత్తానికే ఉండాలి, పూర్తి చేసిన నెలలను తగ్గించాలి, గడువు చేరిన తేదీ నుంచి లెక్కించాలి. మూడూ ఇవ్వరు. ప్రో రేటాకు చాలామంది ఒప్పుకుంటారు, నెట్ లెక్కకు తక్కువమంది ఒప్పుకుంటారు. ఈ అబ్బాయికి ఆ రెండూ ఉండి ఉంటే కట్టాల్సింది 17,200. ఒప్పుకున్నది సవరించిన ఆఫర్ లెటర్‌లోకి రావాలి, రిక్రూటర్ వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్‌ను నమ్ముకోవద్దు.

ఇప్పటికే సంతకం పెట్టేసినవాళ్లు గడువు ముగిసేదాకా ఆ డబ్బును ఎఫ్‌డీలో పెట్టండి. మన ఇళ్లలో ఏం జరుగుతుందో తెలిసిందే, బోనస్ పడిందని తెలియగానే ఇంటి స్లాబ్‌కో చెల్లె పెళ్లికో పోతుంది, బాపును తప్పు పట్టలేం. గడువు దాటేదాకా అది మనది కాని డబ్బు అని ఇంట్లో ముందే చెప్పండి.

సమస్య 3: "కొత్త కంపెనీ కట్టేస్తానంది, ఇంకా టెన్షన్ ఎందుకు?"

కొత్త కంపెనీ ఇచ్చే డబ్బు మళ్లీ జాయినింగ్ బోనస్ పేరుతోనే వస్తుంది, దాని మీద మళ్లీ పన్ను. పాత కంపెనీకి 3 లక్షలు కట్టాలంటే 30 శాతం స్లాబ్‌లో ఉన్నవాళ్లకు దాదాపు 4,36,000 గ్రాస్ ఇస్తే తప్ప చేతికి 3 లక్షలు రావు. వాళ్లు 3 లక్షలే ఇస్తే దాదాపు లక్ష మీ మీద పడుతుంది. పైగా ఆ కొత్త బోనస్‌కు ఇంకో ఏడాది క్లాజ్ ఉంటుంది, అక్కడ నచ్చక ఆరు నెలలకే వెళ్లిపోతే ఈసారి తిరిగి ఇవ్వాల్సింది 4,36,000. కాబట్టి మాట్లాడేటప్పుడు రికవరీ మొత్తం చెప్పకండి, పన్ను పోను చేతికి ఎంత కావాలో చెప్పండి.

సమస్య 4: రిటెన్షన్ బోనస్ రాకుండానే పోయింది

ఉద్యోగం మానకుండా ఆగినందుకు ఇచ్చే ఈ బోనస్‌ను సాధారణంగా ఎవరూ వెనక్కి అడగరు, అసలు ఇవ్వరు. చెల్లించే రోజుకు ఉద్యోగంలో ఉండటమే కాదు, నోటీస్‌లో ఉండకూడదని కూడా లెటర్‌లో ఉంటుంది. మార్చి జీతంతో ఇస్తామన్న బోనస్ కోసం ఏడాదంతా ఆగి, ఫిబ్రవరి చివర్లో రాజీనామా పెట్టినవాళ్లకు రూపాయి రాలేదు. ఖాతాలో పడ్డాకే రాజీనామా పెట్టండి, అదీ పడ్డాక ఇంకో ఆరు నెలలు ఉండాలన్న లైన్ లేదని చూసుకున్నాక.

లేఆఫ్ అయినవాళ్లది వేరే కష్టం. ఏ కారణంతో వెళ్లినా రికవరీ అని రాసి ఉంటే, కంపెనీయే తీసేసినా అడుగుతారు. స్వచ్ఛందంగా రాజీనామా చేసినప్పుడు లేదా తప్పు చేసి తొలగించినప్పుడు మాత్రమే అని మార్పించుకోవాలి. మార్పించుకోలేకపోయినవాళ్లు సెపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేముందు రికవరీ మాఫీని అందులో రాయించుకోండి, కంపెనీ మీ సంతకం కోరుకునే సమయం అదొక్కటే.

సమస్య 5: లీగల్ నోటీస్ పంపుతాం, రిలీవింగ్ లెటర్ ఇవ్వం

ఇట్లాంటి బాండ్లు కోర్టులో చెల్లవు అని స్నేహితులు చెప్పేది నమ్మకండి. 2025 మే 14న విజయా బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్లు పని చేయకుండా వెళ్తే 2 లక్షలు కట్టాలన్న షరతును సమర్థించింది. జాయినింగ్ బోనస్‌లో డబ్బు నిజంగా మీ చేతికే వచ్చింది కాబట్టి కంపెనీ వాదన ఇంకా గట్టిగా ఉంటుంది. అలాగని ఇది పోలీస్ కేసు కాదు, బాకీ వసూలుకు వేసే సివిల్ దావా.

మీ పీఎఫ్ డబ్బును ఈ బాకీకి వాళ్లు పట్టుకోలేరు. ఎగ్జిట్ తేదీ వేయకుండా సతాయిస్తే, చివరి పీఎఫ్ జమ అయిన రెండు నెలల తర్వాత ఈపీఎఫ్ఓ పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు. రికవరీ మీద 18 శాతం జీఎస్టీ కలిపి అడిగితే కట్టకండి. ఉద్యోగి కట్టే బాండ్ మొత్తం, నోటీస్ పే రికవరీ లాంటివాటికి జీఎస్టీ వర్తించదని 2022 ఆగస్టు 3 నాటి సర్క్యులర్ 178/10/2022లో పరోక్ష పన్నుల బోర్డు చెప్పింది. ఆ నంబర్ రాసి మెయిల్ పెడితే సాధారణంగా ఆ లైన్ తీసేస్తారు.

నిజంగా కట్టాల్సిందే అని తేలితే వాయిదాల్లో కడతానని మెయిల్‌లో అడగండి, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్‌ను ముందు సర్దుబాటు చేయమనండి. మార్చి దగ్గర్లో ఉంటే, బోనస్ కూడా అదే ఆర్థిక సంవత్సరంలో వచ్చి ఉంటే, వాయిదాలు వద్దు, 31 లోపే మొత్తం కట్టేసి ఫారం 16లో తగ్గించమనండి. కట్టాక నో డ్యూస్ లెటర్, రిలీవింగ్ లెటర్ రెండూ తీసుకోండి. తర్వాతి కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో బాకీ ఉన్నాడని పాత హెచ్ఆర్ చెబితే, చూపించడానికి మీ చేతిలో ఉండాల్సింది ఆ నో డ్యూస్ కాగితమే.