పాము కాటు: ఆస్పత్రి దారిలో ఏ లక్షణానికి ఏం చేయాలి, ఏ నాటు వైద్యం ప్రాణం మీదికి తెస్తుంది

పాము విషానికి విరుగుడు ఒక్కటే: యాంటీ స్నేక్ వీనమ్. ఆస్పత్రుల్లో దీన్ని ఏఎస్‌వీ అంటారు. గుర్రాల రక్తం నుంచి తయారుచేస్తారు, సెలైన్‌లో కలిపి నరానికి ఎక్కిస్తారు. అది ఇంట్లో ఇచ్చే మందు కాదు కాబట్టి దారిలో మన చేతిలో ఉన్నవి రెండే పనులు. ఒకటి, విషం ఒంట్లో పాకే వేగాన్ని తగ్గించడం. రెండోది, ఊపిరి ఆగకుండా చూసుకోవడం. ఈ రెండిటికీ పనికిరానిదేదైనా టైమ్ వేస్ట్. కొన్నయితే కాటు కంటే ఎక్కువ కీడు చేస్తాయి.

సమస్య: కాటు పడింది, మనిషి వణికిపోతున్నాడు, వేరే లక్షణాలేమీ లేవు

కారణం రెండు రకాలుగా ఉండొచ్చు. కరిచింది జెర్రిపోతో నీరుకట్టో అయి ఉండొచ్చు, వాటికి విషం లేదు. లేదా విషపు పామే కరిచినా విషం వదలకపోయి ఉండొచ్చు. కానీ ఇది అక్కడే తేల్చుకునే విషయం కాదు. విషం ఎక్కినా లక్షణాలు బయటపడడానికి గంటలు పట్టొచ్చు, అందుకే ఏమీ లేదనిపించినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

విషం ఎక్కువగా లింఫు నాళాల ద్వారా పైకి పాకుతుంది, వాటిని నడిపించేది కండరాల కదలిక. కాలికి కాటు పడ్డ మనిషి రోడ్డు దాకా పరిగెత్తాడంటే విషాన్ని తనే పైకి పంపు చేసుకున్నట్టు. కాబట్టి కాటు పడ్డ చోటే కూర్చోబెట్టండి, లేదా పడుకోబెట్టండి. కాలు విరిగినప్పుడు కట్టినట్టే ఒక కర్రో, మడిచిన అట్టపెట్టో పక్కన పెట్టి, తువ్వాలుతో వదులుగా కట్టండి. కట్టు కింద వేలు సులువుగా దూరాలి. ఉంగరాలు, మెట్టెలు, కడియాలు, వాచీ వెంటనే తీసేయండి. గంట తర్వాత వాపు వస్తే అవి కోసి తీయాల్సి వస్తుంది.

కాటు పడ్డ టైమ్ ఫోన్‌లో రాసుకోండి. పామును చంపే ప్రయత్నం వద్దు. నరికిన తల కూడా కాసేపు కరుస్తుంది, పామును వెతకడంలో రెండో మనిషికి కాటు పడడం ఊళ్లలో మామూలే. దూరం నుంచి ఫోటో దొరికితే మంచిది, దొరక్కపోయినా నష్టం లేదు. మన దగ్గర దొరికే ఏఎస్‌వీ ఒక్కటే మందు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగిటి విషానికీ కలిపి తయారుచేసినదే.

108కి ఫోన్ చేయండి. రావడానికి ఆలస్యమైతే కారో, ఆటోనో చూడండి. ఏదీ లేకపోతే బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్లొచ్చు. వెనక కూర్చున్నవాళ్లు గట్టిగా పట్టుకోవాలి, కాలికి కాటైతే ఆ కాలు కొట్టుకోకుండా చూడాలి. స్పృహ తగ్గుతున్నా, రెప్పలు వాలుతున్నా మాత్రం బైకు పనికిరాదు.

సమస్య: మనం వెళ్లేసరికి ఊళ్లోవాళ్లు తాడు కట్టేశారు

కాటు పడ్డ చోటికి పైన తాడో, చీర పేలికో బిగించి కట్టడం అందరికీ తెలిసిన పాత పద్ధతి, అందరూ చేసేదీ ఇదే. విషం పైకి రాకుండా ఆపాలన్న ఆలోచన వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ జరిగేది వేరు. రక్తం ఆగిపోయి కింద కండరం చచ్చుబడుతుంది. రక్తపింజర విషం కండరాన్ని ఎలాగూ తినేస్తుంది, తాడు దాన్ని అక్కడే నిలబెట్టి ఆ పనికి సాయం చేస్తుంది. కాలు తీసేయాల్సి వచ్చిన కేసుల్లో కాటు కంటే తాడుదే ఎక్కువ తప్పు అయిన సందర్భాలున్నాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. తాడు తప్పని తెలిసిన ఆవేశంలో దారిలోనే దాన్ని పుటుక్కున తెంపేయకండి. గంటసేపు కింద నిలిచిన విషం ఒక్కసారిగా పైకి వెళ్తే బీపీ పడిపోవచ్చు, ఊపిరి ఆడకపోవచ్చు. ఆస్పత్రిలో అయితే కింద నాడి ఉందా లేదా చూసి, మందు, ఆక్సిజన్ రెడీగా పెట్టుకుని నెమ్మదిగా వదులు చేస్తారు. కాబట్టి తాడు అలాగే ఉంచి వేగంగా వెళ్లండి, డాక్టర్‌కి మొట్టమొదట చెప్పాల్సింది కూడా ఎన్ని గంటలకు కట్టారన్నదే. వేళ్లు నీలంగా, చల్లగా మారుతుంటే, ఆస్పత్రి ఇంకా దూరంగా ఉంటే, 108 సిబ్బందిని అడిగి వాళ్లు చెప్పినట్టు చేయండి.

ఆస్ట్రేలియాలో మొత్తం కాలికి ఒత్తుగా బ్యాండేజీ చుట్టే పద్ధతి ఉంది, వీడియోల్లో చూసే ఉంటారు. మన దగ్గర పింజర కాట్లు ఎక్కువ, అలాంటి చోట ఆ ఒత్తిడి కండరానికి ఇంకా చేటు. నేర్చుకోని వాళ్లు చుట్టకపోవడమే మంచిది.

సమస్య: వాపు పైకి పాకుతోంది, కాటు చోట రక్తం ఆగడం లేదు, చిగుళ్లు కారుతున్నాయి

ఇది పింజర లక్షణం. ఆ విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, మూత్రం ఎర్రగా రావచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. వాపు ఎంతవరకు వచ్చిందో పెన్నుతో చర్మం మీద గీత గీసి పక్కన టైమ్ వేయండి. అరగంటకో గీత. డాక్టర్‌కి మీరు చెప్పే వంద మాటల కంటే ఆ గీతలు ఎక్కువ చెబుతాయి.

ఇలాంటప్పుడు బ్లేడుతో కోసి రక్తం పిండడమంటే గడ్డకట్టని రక్తానికి ఇంకో దారి తెరవడమే. నోటితో పీల్చినా చెప్పుకోదగ్గ విషం బయటికి రాదు. పుండు పడే ప్రమాదం మాత్రం ఉంది. ఐస్ పెట్టడం, కాల్చడం, రసాయనాలు పోయడం కూడా ఇంతే, చచ్చుబడుతున్న కండరాన్ని ఇంకా చంపుతాయి.

దారిలో ఆర్‌ఎంపీ దగ్గర ఆగి నొప్పికని నడుముకో చేతికో ఇంజక్షన్ వేయించుకోవడం అందరూ పట్టించుకోని ప్రమాదం. రక్తం గడ్డకట్టని మనిషికి కండరంలో సూది గుచ్చితే లోపల రక్తం పెద్ద గడ్డలా పేరుకుంటుంది. టీటీ ఇంజక్షన్ కూడా ఆస్పత్రిలో రక్త పరీక్ష అయ్యాకే వేయించుకోవాలి. నొప్పి బాగా ఉంటే పారాసెటమాల్ పర్వాలేదు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దే వద్దు.

సమస్య: కాటు గుర్తే లేదు, తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోతున్నాయి

అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది ఇదే. చేసేది కట్లపాము. రాత్రిపూట ఇంట్లోకొచ్చి, నేల మీద పడుకున్న మనిషిని కరుస్తుంది. కాటు చీమ కుట్టినట్టుంటుంది, చాలాసార్లు నిద్ర కూడా చెడదు. వాపు ఉండదు, పళ్ల గుర్తులు కనిపించకపోవచ్చు.

ఇలాంటి రాత్రి ఒకటి ఊహించుకోండి. వానాకాలం, కరెంటు పోయింది, పన్నెండేళ్ల అబ్బాయి చాప మీద పడుకున్నాడు. మూడున్నరకి లేచి కడుపునొప్పి అన్నాడు. వాళ్లమ్మ గ్యాస్ అనుకుని వాము నీళ్లు తాగించింది. నాలుగుంబావుకి వాంతి. ఐదింటికి గొంతు పట్టేసిందని, మింగలేకపోతున్నానని అన్నాడు. ఐదున్నరకి రెప్పలు సగం వాలాయి, నిద్రమత్తు అనుకున్నారు. నిజానికి నరాలకి, కండరాలకి మధ్య సంబంధం తెగుతోంది. మందు మొదలుపెట్టాల్సింది మూడున్నరకి. ఆలస్యమయ్యేకొద్దీ ఏఎస్‌వీ కూడా పాడైన నరాల చివరల్ని బాగుచేయలేదు, అప్పుడిక రోజుల తరబడి వెంటిలేటర్ మీదే ఆధారం.

కాబట్టి నేల మీద పడుకున్న మనిషికి తెల్లవారుజామున కారణం తెలియని కడుపునొప్పి, వాంతి వస్తే టార్చి వేసి ముఖం చూడండి. రెప్పలు పైకి ఎత్తమనండి. ఎదురుగా వేలు పెట్టి ఒకటా, రెండా అని అడగండి. దిండు మీద నుంచి తల ఎత్తమనండి. ఒక్క ఊపిరిలో ఎంతదాకా లెక్కపెడతాడో చూడండి, దారిలో మళ్లీ మళ్లీ చేయించండి. ముప్ఫై దాకా లెక్కపెట్టినవాడు పదిహేనుకి ఆగిపోతున్నాడంటే ఊపిరి కండరాలు బలం కోల్పోతున్నాయి. ఆ సంఖ్య డాక్టర్‌కి చెప్పండి.

ఇలాంటి మనిషిని వెల్లకిలా పడుకోబెట్టొద్దు, ఉమ్మి గొంతులోకి పోతుంది. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చేరిన ఉమ్మిని బట్టతో తుడుస్తూ ఉండండి. తాగడానికి చుక్క కూడా ఇవ్వొద్దు.

ఊపిరి ఆగిపోతే ముక్కు మూసి నోట్లోకి ఊదండి, ఛాతీ లేచేలా, పెద్దవాళ్లకి ఐదారు సెకన్లకోసారి, పిల్లలకి మూడు సెకన్లకోసారి. నాడి కూడా లేకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. కళ్లు కదలవు, కనుపాప పెద్దదై వెలుగుకి స్పందించదు, చూసినవాళ్లు ప్రాణం పోయిందనుకుంటారు. కట్లపాము కాటులో ఆ కనుపాపని నమ్మొద్దు. మాటలన్నీ వినిపిస్తూ కదలలేకపోయే మనుషులు వెంటిలేటర్ మీద కోలుకుని ఇంటికెళ్తారు. నాగుపాము కాటులోనూ రెప్పలు వాలతాయి గానీ అక్కడ సాధారణంగా నొప్పి, వాపు కనిపిస్తాయి.

సమస్య: మిరపకాయ నమిలించి చూద్దాం, పసరు పోద్దాం అంటున్నారు

వేపాకు చేదు తెలియకపోతే, మిరపకాయ కారం తెలియకపోతే విషం ఎక్కినట్టని ఒక పరీక్ష ఉంది. నాలుక రుచితో విషాన్ని తేల్చలేం. పైగా మింగడం కష్టమవుతున్న మనిషి నోట్లో ఆకు పెడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోట్లో పసరు, ముక్కులో పసరు, నెయ్యి, సారా, అన్నిటికీ ఇదే మాట. కంట్లో వేసే పసర్లు కన్ను పోగొడతాయి. కోడిపిల్లల్ని కాటు మీద ఒత్తితే అవి చచ్చిపోతున్నాయి కాబట్టి విషం లాగాయంటారు. గాయానికి ఒత్తి పట్టుకుంటే కోడిపిల్ల ఊపిరాడక చస్తుంది. విషం లాగుతుందని కాటు మీద పెట్టే విషపు రాయి గాయం తడికి అతుక్కుంటుంది, అంతే.

మంత్రం వేసినవాళ్లు తిట్టాల్సిన మనుషులని నేను అనుకోను, చాలామంది నమ్మే చేస్తారు. వాళ్ల దగ్గరికెళ్లినవాళ్లలో విషం లేని పాము కరిచినవాళ్లు, విషం ఎక్కనివాళ్లు ఉంటారు, వాళ్లు ఎలాగూ బతుకుతారు. పేరు మంత్రానికి వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబడితే వాదనకి దిగొద్దు. ఫోన్‌లో మంత్రం వేయించండి, బండి మాత్రం ఆగకూడదు.

సమస్య: దగ్గర పీహెచ్‌సీనా, సిటీలో పెద్దాస్పత్రా?

బయల్దేరుతూనే ఫోన్ చేసి ఏఎస్‌వీ ఉందా అని అడగండి. ఉన్న మొదటి చోటే ఆగి మందు మొదలుపెట్టించుకుని, అవసరమైతే వెంటిలేటర్ ఉన్న ఏరియా ఆస్పత్రికి పంపించుకోవాలి. రెప్పలు వాలుతుంటే 108 వాళ్లతో ముందే చెప్పండి, దారిలో ఊపిరికి సాయం కావాలి. రిఫర్ చేస్తే ఎన్ని వయల్స్ ఎక్కించారు, ఎన్ని గంటలకు అన్నది కాగితం మీద రాయించుకోండి.

ఆస్పత్రిలో 2 మి.లీ. రక్తం పొడిగా ఉన్న కొత్త గాజు ట్యూబులో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి ఒంచి చూస్తారు. గడ్డకట్టకుండా జారితే పింజర విషం ఉన్నట్టు. ప్లాస్టిక్ ట్యూబులో తీస్తే ఈ పరీక్ష నమ్మలేం, మర్యాదగా అడగొచ్చు. మొదటి మోతాదు మామూలుగా 8 నుంచి 10 వయల్స్, పిల్లలకీ అంతే, ఎందుకంటే పాము పిల్లవాడికి తక్కువ విషం వదలదు. లక్షణాలు లేకపోతే మందు ఇవ్వకుండా 24 గంటలు గమనిస్తారు. డాక్టర్ పట్టించుకోవడం లేదని గొడవ పడకండి. ఏఎస్‌వీకి ప్రమాదకరమైన ఎలర్జీ రావచ్చు, అవసరం లేనిచోట ఎక్కించకూడదు. ఆ 24 గంటల్లో రెప్పలు, చిగుళ్లు, వాపు గీత, మూత్రం రంగు మీరు కూడా చూస్తూ ఉండండి, తేడా కనిపించగానే నర్సుని పిలవండి.