సంభావ్యత – 2వ పాఠం: రెండు నాణేలు, రెండు పాచికలు

ఒక నాణెం ఎగరేస్తే బొమ్మ పడే సంభావ్యత 1/2 అనీ, ఒక పాచిక వేస్తే 4 పడే సంభావ్యత 1/6 అనీ మొదటి పాఠంలో చూశాం. మనకు కావలసినవి ఎన్నో లెక్కపెట్టి, మొత్తం వీలున్నవాటితో భాగించాం. ఈసారి రెండు నాణేలు తీసుకుందాం.

రెండూ ఎగరేస్తే ఏమేం పడొచ్చు? రెండూ బొమ్మలు, రెండూ బొరుసులు, లేదా ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు. మూడే కాబట్టి ఒక్కోదానికి 1/3 అని చాలామంది రాసేస్తారు. అది తప్పు.

ఎందుకో తెలియాలంటే ఒక రూపాయి నాణెం, ఒక అయిదు రూపాయల నాణెం తీసుకోండి. రెండూ బొమ్మలు పడాలంటే దారి ఒక్కటే, రెండూ బొరుసులు పడాలన్నా ఒక్కటే. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడాలంటే రెండు దారులున్నాయి: రూపాయి బొమ్మ, అయిదు బొరుసు, లేదా రూపాయి బొరుసు, అయిదు బొమ్మ. అంటే మొత్తం నాలుగు పర్యవసానాలు. నాలుగూ సమానంగా పడే వీలున్నవే. వీటినే సమసంభవ పర్యవసానాలు అంటారు. కాబట్టి ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడే సంభావ్యత 2/4, అంటే 1/2. నాణేలు రెండూ ఒకేలా ఉన్నా లెక్క మారదు, మన కంటికి తేడా కనిపించదంతే.

ఇలాంటి చోట పెద్ద పెద్దవాళ్లే బోల్తాపడ్డారు. రెండుసార్లు ఎగరేస్తే కనీసం ఒక బొమ్మ పడే సంభావ్యత 2/3 కావాలని ఫ్రెంచ్ గణితవేత్త డాలంబేర్ 1754లో వాదించాడు. మొదటిసారే బొమ్మ పడితే ఆట అయిపోయినట్టే కదా, కాబట్టి ఉన్నవి మూడు సందర్భాలేనన్నాడు. కానీ మొదటిసారి బొమ్మ పడటమనేది సగంసార్లు జరుగుతుంది, మిగతా రెండూ పావువంతు చొప్పున జరుగుతాయి. మూడూ సమానం కావు. సరైన జవాబు 3/4.

నమ్మకం కుదరకపోతే రెండు నాణేలను 100 సార్లు ఎగరేసి గీతలు పెట్టండి. ‘ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు’ గడిలో 50కి దగ్గరగా వస్తుంది. 44 వచ్చినా, 57 వచ్చినా కంగారు పడకండి, అంత ఊగిసలాట మామూలే. 33 రావడం మాత్రం చాలా అరుదు. పదిసార్లు ఎగరేసి తేల్చేద్దామంటే కుదరదు, 1/3కీ 1/2కీ తేడా అందులో సరిగా బయటపడదు.

పాచికలదీ ఇదే కథ. రెండు వేసి కూడితే 2 నుంచి 12 వరకు పదకొండు మొత్తాలు వస్తాయి. అయినా ఒక్కోదానికి 1/11 కాదు. ఎరుపు పాచిక, తెలుపు పాచిక అనుకుంటే జతలు 6 × 6 = 36. మొత్తం 12 కావాలంటే 6, 6 ఒక్కటే జత. 7 కావాలంటే ఎరుపు మీద ఏది పడ్డా దానికి సరిపోయే తెలుపు ఒకటుంటుంది, అంటే ఆరు జతలు. సంభావ్యత 6/36, అంటే 1/6.

అంచు అరిగిపోయిన పాచికకు మాత్రం ఈ లెక్క పనికిరాదు. ఆరు ముఖాలూ సమసంభవం కానప్పుడు చాలాసార్లు వేసి చూడటమే దారి. అది మూడో పాఠంలో.

ఈలోగా చేయండి: రెండు పాచికల మొత్తం 9 అయ్యే సంభావ్యత ఎంత? 3, 6 జతనూ 6, 3 జతనూ విడివిడిగా లెక్కపెట్టడం మరిచిపోకండి.